ఇచ్చినవారికి అప్పజెప్పవలసిన లెక్క

2024లో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు దాతలూ, స్వచ్ఛంద కార్యకర్తలూ వేలాదిగా ముందుకు వచ్చారు. అటువంటి సహాయం ముగిశాక వారికి చెప్పే ధన్యవాదం ఎలా ఉండాలి, అందులో ప్రతి రూపాయి, ప్రతి బియ్యం బస్తా ఎక్కడికి చేరిందో ఎలా చూపాలి అన్నదే ఈ కథనం.

వరద సహాయం ముగిసిన తరువాత విరాళాలు సేకరించిన సంఘం వెలువరించే కృతజ్ఞతా ప్రకటనలో రెండు భాగాలుంటాయి. మొదటిది ధన్యవాదం, రెండవది జమాఖర్చుల వివరం. మొదటి భాగాన్ని ఎవరైనా, ఎప్పుడైనా రాయగలరు. రెండవ భాగాన్ని రాయాలంటే మాత్రం సహాయం మొదలైన రోజు నుంచే రసీదు పుస్తకం, సరుకుల రిజిస్టరు, పంపిణీ జాబితా అనే మూడు పత్రాలు ఎవరో ఒకరి బాధ్యతలో ఉండి తీరాలి. నీళ్లు తీసిన తరువాత జ్ఞాపకం మీద ఆధారపడి రాసిన లెక్క ఎంత నిజాయితీగా రాసినా దాత దాన్ని సరిచూసుకోలేడు. సరిచూసుకోలేని లెక్కతో కూడిన ధన్యవాదం సగం ధన్యవాదమే.

తెలుగువారికి ఈ విషయం కొత్తది కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి నటులు జోలె పట్టి ఊరూరా విరాళాలు సేకరించిన సంగతి ఆ తరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. నాడు దాత చేతి నుంచి డబ్బు నేరుగా జోలెలో పడింది. నేడు అదే డబ్బు యూపీఐ ద్వారా ఎక్కడి నుంచో ఎక్కడికో క్షణంలో చేరుతుంది కనుక దాతకూ, సేకర్తకూ ముఖపరిచయం లేకుండాపోయింది. ఆ లోటును తీర్చవలసింది లెక్క ఒక్కటే.

వరద తీరును బట్టే ఖర్చు తీరు

సహాయ లెక్కను అర్థం చేసుకోవాలంటే ముందు ఆ వరద ఎటువంటిదో తెలియాలి. బుడమేరు విజయవాడకు వాయవ్యాన కొండల్లో పుట్టి కొల్లేరు సరస్సులో కలిసే వాగు. దాని వరదనీరు నగరం మీదికి రాకుండా వెలగలేరు వద్ద నియంత్రణ కట్టడం నిర్మించి, అక్కడి నుంచి మళ్లింపు కాలువ ద్వారా నీటిని ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణా నదిలోకి పంపుతారు. 2024 ఆగస్టు చివర కురిసిన కుండపోతకు వాగు ఉప్పొంగి, ఆ కాలువ ఎడమ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. అదే సమయంలో కృష్ణా కూడా నిండుగా ప్రవహిస్తూ, సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కులతో రికార్డు సృష్టించింది. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే సుమారు 28 లీటర్ల నీటి ప్రవాహం. అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ వంటి పల్లపు ప్రాంతాల్లోకి చేరిన నీరు రోజుల తరబడి నిలిచిపోయింది. సైన్యంలోని ఇంజనీరింగు దళం సాయంతో గండ్లను సెప్టెంబరు 7న పూడ్చారు.

ఈ వివరాలన్నీ ఖర్చు పద్దుకు నేరుగా సంబంధించినవే. తుఫాను వచ్చి వెళ్లిపోతే నష్టం ఒక రాత్రిలో ముగుస్తుంది, సహాయం మరునాడు మొదలవుతుంది. నీరు నిలిచిపోయిన నగర వరదలో మాత్రం సహాయం మూడు దశల్లో సాగుతుంది. మొదటి దశలో మనుషులు డాబాల మీదా, పై అంతస్తుల్లోనూ చిక్కుకుపోయి ఉంటారు. వండుకోవడానికి పొయ్యి గానీ, గ్యాస్ గానీ, కరెంటు గానీ ఉండవు కనుక వారికి కావలసింది వండిన ఆహారం, తాగునీరు, పసిపిల్లలకు పాలు, కొవ్వొత్తులు, మందులు. బియ్యం బస్తా ఆ రోజు ఎందుకూ పనికిరాదు. నీరు తీయడం మొదలైన రెండవ దశలో ఇంటి నిండా బురద ఉంటుంది. అప్పుడు చీపుర్లు, బ్లీచింగు పొడి, ఫినాయిలు, చేతి తొడుగులు, నీటి ట్యాంకరు అవసరమవుతాయి. పొయ్యి వెలిగే మూడవ దశలోనే సరుకుల సంచి, గిన్నెలు, పరుపులు, పిల్లల పుస్తకాలు ఉపయోగపడతాయి.

అందువల్ల కృతజ్ఞతా ప్రకటనలో ఖర్చును వస్తువుల పేర్లతో మాత్రమే కాకుండా దశలవారీగా, తేదీలతో చూపాలి. మొత్తం డబ్బులో అధికభాగం మొదటి రెండు రోజుల భోజనం పొట్లాలకే వెళ్లిపోయి, బురద కడిగే రోజుకు ఏమీ మిగలలేదంటే అది దోషం కాకపోవచ్చు గానీ దాత తెలుసుకోవలసిన సంగతి. వచ్చే వరదకు ఏ దశ కోసం డబ్బు ఆపి ఉంచాలో అతడు ఆ సంగతిని బట్టే నిర్ణయించుకోగలుగుతాడు.

జమ వైపు మూడు రకాలు

సహాయానికి వచ్చేది డబ్బు ఒక్కటే కాదు. నగదు, వస్తువు, శ్రమ అనే మూడు రకాల రాబడి ఉంటుంది, మూడింటినీ మూడు విధాలుగా రాయాలి. నగదులో బ్యాంకు ద్వారా వచ్చినది, చేతికి వచ్చినది అని రెండు పద్దులు పెట్టాలి. బ్యాంకు ద్వారా వచ్చినదానికి ఖాతా వివరణే సాక్ష్యం. చేతికి వచ్చినదానికి వరుస సంఖ్యలున్న రసీదు పుస్తకమే సాక్ష్యం. రసీదు చింపి ఇచ్చిన తరువాత పుస్తకంలో మిగిలే ప్రతి, దాత చేతిలోని ప్రతి ఒకటే మొత్తాన్ని చూపాలి. పాడైన రసీదును పారవేయకుండా రెండు ప్రతులనూ పుస్తకంలోనే ఉంచి అడ్డంగా కొట్టివేయాలి. వరుసలో ఒక సంఖ్య కనిపించకపోతే తనిఖీ చేసేవారు మొదట అడిగే ప్రశ్న దాని గురించే.

వస్తువులను రాబడిగా రాసేటప్పుడు పరిమాణం తప్పనిసరి, విలువ ఐచ్ఛికం. వెయ్యి కిలోల బియ్యం వచ్చాయంటే వెయ్యి కిలోలు అని సరుకుల రిజిస్టరులో రాసి, ఆ రోజు బజారు ధర ప్రకారం విలువను విడిగా చూపవచ్చు. ఆ విలువను నగదు జమలో కలిపితే మాత్రం లేని డబ్బు ఉన్నట్లు కనబడుతుంది. శ్రమకు ధర కట్టి మొత్తాన్ని పెంచి చూపే అలవాటు కొన్నిచోట్ల ఉన్నా, ఎంతమంది, ఏ పని, ఎన్ని రోజులు చేశారో చెప్పడమే వారికి నిజమైన గౌరవం.

ఒక ఊహాత్మక పద్దు

నిర్మాణం అర్థం కావడానికి ఒక ఊహాత్మక ఉదాహరణను తీసుకోవచ్చు. పొరుగు పట్టణంలోని ఒక కాలనీ సంఘం బుడమేరు బాధితుల కోసం విరాళాలు సేకరించిందనుకుంటే, దానికి బ్యాంకు ద్వారా 4,80,000 రూపాయలు, రసీదుల మీద నగదుగా 70,000 రూపాయలు, మొత్తం 5,50,000 రూపాయలు వచ్చాయనుకోవాలి. వీటికి తోడు ఒక బియ్యం వ్యాపారి 25 కిలోల బస్తాలు నలభై, అంటే వెయ్యి కిలోల బియ్యం ఇచ్చాడనుకోవాలి.

ఖర్చు ఇలా సాగిందనుకుందాం.

- మొదటి దశలో భోజనం పొట్లాలు, తాగునీరు, పాలు: 1,10,000
- రెండవ దశలో శుభ్రతా సామగ్రి: 45,000
- మూడవ దశలో నాలుగు వందల సరుకుల సంచులు: 2,40,000
- సర్వం పోగొట్టుకున్న నలభై కుటుంబాలకు గిన్నెలు, పరుపులు, ఒక్కొక్క ఇంటికి 2,000 చొప్పున: 80,000
- వాహనాలు, డీజిలు, పడవలు: 38,000
- సంచులు, ముద్రణ: 7,000
- మొత్తం ఖర్చు: 5,20,000
- మిగులు: 30,000

ఈ పట్టికను చదివే దాతకు సహజంగా వచ్చే మొదటి ప్రశ్న సంచి గురించి ఉంటుంది. 2,40,000 రూపాయలను నాలుగు వందలతో భాగిస్తే ఒక సంచికి 600 రూపాయలు పడినట్లు. ఆ సంచిలో ఏమేమి ఉన్నాయో ప్రకటనలో ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: ఐదు కిలోల బియ్యం, కిలో కందిపప్పు, లీటరు నూనె, కిలో పంచదార, వాటితోపాటు ఉప్పు, కారం, చింతపండు, సబ్బులు. నాలుగు వందల సంచులకు రెండు వేల కిలోల బియ్యం కావాలి; అందులో సగం వ్యాపారి ఇచ్చినవే కనుక కొన్నది వెయ్యి కిలోలే. కిలో 50 రూపాయల చొప్పున ఆ కొనుగోలుకు 50,000 అయిందనుకుంటే, ప్రతి సంచిలోనూ వ్యాపారి ఇచ్చిన బియ్యం రెండున్నర కిలోలు, అంటే 125 రూపాయల విలువైనది ఉన్నట్లు. ఆ విధంగా కుటుంబానికి అందిన సంచి విలువ 725 రూపాయలు, సంఘం ఖర్చు పెట్టినది 600 రూపాయలు. ఈ తేడాను చూపకపోతే రెండు పొరపాట్లలో ఒకటి జరుగుతుంది: వ్యాపారి దానం లెక్కలో మాయమైపోతుంది, లేదా ఆ బియ్యాన్ని కూడా విరాళాల డబ్బుతో కొన్నట్లు నమోదవుతుంది. రెండవది జరిగితే దానం చేసిన సరుకుకు బిల్లు పుట్టినట్లే.

సరుకు కూడా పద్దు కావాలి

డబ్బు లెక్క సరిపోయినంత మాత్రాన సహాయం లెక్క సరిపోదు. నాలుగు వందల సంచులు కట్టారని ఖర్చు పద్దు చెబుతుంది. నాలుగు వందల ఇళ్లకు చేరాయని అది చెప్పలేదు. ఆ సంగతి చెప్పేది పంపిణీ జాబితా. కుటుంబ పెద్ద పేరు, ఇంటి సంఖ్య లేదా వీధి, కుటుంబ సభ్యుల సంఖ్య, తీసుకున్న వస్తువు, తేదీ, సంతకం లేదా వేలిముద్ర అనే ఆరు గడులు ఉంటే ఆ జాబితా సరిపోతుంది. పై ఉదాహరణలోని సంఘం జాబితాలో 388 సంతకాలు ఉన్నాయనుకుంటే, పన్నెండు సంచుల సంగతి ప్రకటనలో కనిపించాలి. ఏడు సంచులు పడవలో నీళ్లకు తడిసి పాడైతే ఏడు అనీ, మిగిలిన ఐదింటిని వార్డు సచివాలయానికి అప్పగిస్తే ఐదు అనీ, ఆ అప్పగింతకు రసీదు ఉందనీ రాస్తే 388, 7, 5 కలిసి నాలుగు వందలు అవుతాయి. ఏ సరుకైనా వచ్చినది, పంచినది, పాడైనది, మిగిలినది అనే నాలుగు అంకెలతోనే తన కథను పూర్తిగా చెబుతుంది.

పాడైన సరుకును చూపడానికి చాలా సంఘాలు సంకోచిస్తాయి. నిజానికి వరదలో నష్టం లేని పంపిణీ దాదాపు ఉండదు. పులిహోర పొట్లాలు మధ్యాహ్నం కట్టి, పడవ దొరకక రాత్రికి చేరితే వాటిని పంచకూడదు. వేడి తగ్గకముందే మూట కట్టిన అన్నం ఉక్కపోతలో కొన్ని గంటల్లోనే పాడవుతుంది, అది తిన్నవారికి విరేచనాలు పట్టుకుంటే వరదనీటి మధ్య వైద్యం అందడం కష్టం. అందువల్ల ఎన్ని పొట్లాలు పారవేశామో రాసిన సంఘం తన అజాగ్రత్తను చాటుకోవడం లేదు, పాడైన అన్నాన్ని ఎవరి చేతిలోనూ పెట్టలేదని సాక్ష్యం చెబుతోంది.

పంపిణీ జాబితాకు మరొక ఉపయోగం కూడా ఉంది. నగర వరదల్లో సహాయ వాహనాలు ప్రధాన రహదారికి దగ్గరగా ఉన్న వీధుల వద్దే ఆగిపోతాయి. అక్కడి ఇళ్లకు మూడేసి సార్లు సరుకులు అందగా, లోపలి సందుల్లో ఒక్క పొట్లం కూడా చేరని ఇళ్లు ఉంటాయి. వీధుల వారీగా జాబితాను కూడితే ఆ అసమానత అంకెల్లో కనిపిస్తుంది. ఒక వార్డులో పనిచేసిన నాలుగైదు సంఘాలు ప్రతిరోజూ సాయంత్రం తమ జాబితాలను పక్కపక్కన పెట్టి చూసుకుంటే మరునాటి పడవ ఎటు వెళ్లాలో తెలిసిపోతుంది. లెక్క రాయడం వరద తగ్గాక చేసే గుమాస్తా పని కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

జాబితా ఉండటం వేరు, దాన్ని బహిరంగపరచడం వేరు. సహాయం అందుకున్నవారి పేర్లు, ఇంటి సంఖ్యలు, ఫోటోలు అందరికీ కనిపించేలా పెట్టడం వారి గౌరవానికి భంగకరం. వీధి పేరు, కుటుంబాల సంఖ్య మాత్రం ప్రకటించి, పూర్తి జాబితాను సంఘం కార్యాలయంలో ఉంచి, సరిచూడదలచిన దాతకు అక్కడ చూపితే పారదర్శకత, గోప్యత రెండూ నిలుస్తాయి. దాతల పేర్లను ప్రకటించేముందు వారి అనుమతి అడగడం కూడా అంతే అవసరం. గుప్తదానం కోరుకున్నవారిని పేరు లేకుండా రసీదు సంఖ్యతో చూపవచ్చు. అప్పుడు దాత తన రసీదు సంఖ్యను పట్టికలో వెతుక్కుని తన డబ్బు జమ అయినట్లు తెలుసుకుంటాడు.

రవాణా ఖర్చును దాచకూడదు

విరాళంలో ప్రతి రూపాయీ బాధితులకే చేరిందని కొన్ని ప్రకటనలు చెబుతాయి. రవాణాను ఎవరైనా విడిగా భరించి ఉంటే ఆ మాట నిజమే కావచ్చు, అప్పుడు ఆ దాత సహాయం ఎంతో చెప్పాలి. అలా కాని పక్షంలో ఆ మాటకు అర్థం లేదు, ఎందుకంటే మునిగిన వీధిలోని డాబా మీదికి సంచి తనంతట తాను వెళ్లదు. పై ఉదాహరణలో రవాణా, సంచులు, ముద్రణ కలిపి 45,000 రూపాయలు, అంటే ఖర్చులో నూటికి సుమారు తొమ్మిది రూపాయలు. రవాణాలో సంచుల వంతు 20,000 అనుకుంటే ఒక్కొక్క సంచికి 50 రూపాయలు పడుతుంది. 725 రూపాయల విలువైన సరుకును నీళ్లలో నడిపించి గడప దాకా చేర్చడానికి యాభై రూపాయలు అయిందని చెబితే ఆక్షేపించే దాత అరుదు.

ఈ పద్దులోనే బిల్లు రాని ఖర్చులు ఎక్కువగా ఉంటాయి. పడవ నడిపేవారు, హమాలీలు, ఆటో డ్రైవర్లు బిల్లులు ఇవ్వరు. అటువంటి చెల్లింపుకు సంఘమే చెల్లింపు వోచరు రాయాలి. వోచరు అంటే డబ్బు ఎవరికి, ఎందుకు, ఎంత, ఏ తేదీన ఇచ్చారో తెలిపి, తీసుకున్నవారి సంతకంతో, పక్కన ఇంకొక కార్యకర్త సాక్షి సంతకంతో ఉండే చీటీ. పడవ ఎన్ని సార్లు వెళ్లిందో, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో కూడా అందులో రాస్తే అదే తేదీ పంపిణీ జాబితాతో పోల్చి చూడవచ్చు. పడవకు డబ్బు ఇచ్చిన రోజున ఏ వీధిలోనూ పంపిణీ జరగలేదంటే ఆ వోచరు వివరణ కోరుతుంది.

లెక్కలో తేడా ఎలా పట్టుబడుతుంది

దాత గణక నిపుణుడు కానవసరం లేదు. కొన్ని గుర్తులు తెలిస్తే చాలు. మొదటి గుర్తు గుండ్రని అంకెలు. నిజమైన కొనుగోళ్లలో 18,740 వంటి మొత్తాలు వస్తాయి. పట్టిక నిండా పదివేలు, ఇరవైవేలు, యాభైవేలు మాత్రమే ఉంటే అవి ఖర్చు కాకుండా కేటాయింపులై ఉండవచ్చు. రెండవ గుర్తు తేదీలు. మొదటి దశ భోజనానికి చెందిన బిల్లులన్నీ వరద తగ్గిన తరువాత ఒకే రోజు తేదీతో, ఒకే దుకాణం నుంచి వరుస సంఖ్యలతో ఉంటే ఆ బిల్లులను తరువాత రాయించుకున్నారన్న అనుమానానికి తావుంది. మూడవ గుర్తు సంతకాలు. పంపిణీ జాబితాలో పేజీ అంతా ఒకే కలంతో, ఒకే చేతిరాతతో ఉంటే ఆ పేజీని వీధిలో కాకుండా బల్ల ముందు కూర్చుని నింపినట్లు అనుకోవాలి. నాలుగవ గుర్తు అతి చక్కదనం: పాడైన సరుకు సున్నా, మిగులు సున్నా, వచ్చినదంతా పైసతో సహా ఖర్చు అనే పట్టిక వరద సహాయంలో అసహజమైనది.

ఇవేవీ నేర నిరూపణలు కావు, ప్రశ్న అడగడానికి కారణాలు మాత్రమే. బడ్డీకొట్టు యజమాని బిల్లు పుస్తకం కూడా నీళ్లలో పోయి ఉండవచ్చు, సంతకం చేయలేని వృద్ధురాలి బదులు కార్యకర్తే పేరు రాసి ఉండవచ్చు. అటువంటి చోట పట్టిక కింద చిన్న వివరణ రాస్తే అనుమానం అక్కడే తీరిపోతుంది. సరైన లెక్కకు ఉండే లక్షణం లోపం లేకపోవడం కాదు, లోపం ఉన్నచోట కారణం చెప్పడం. డబ్బు సేకరించినవారు, కొనుగోలు చేసినవారు, లెక్క సరిచూసినవారు వేర్వేరు వ్యక్తులై, ముగ్గురూ ప్రకటన కింద సంతకం చేస్తే ఆ లెక్కకు బలం మరింత పెరుగుతుంది.

పన్ను రాయితీ, సముద్రాల ఆవలి విరాళం

ధన్యవాద ప్రకటనలో పన్ను గురించి స్పష్టమైన మాట ఉండాలి, ఎందుకంటే దాతల్లో నిరాశ ఎక్కువగా కలిగేది అక్కడే. బుడమేరు వరద నాటికి అమలులో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 80జీ సెక్షను ప్రకారం, ఆ సెక్షను కింద ఆమోదం పొందిన సంస్థకు ఇచ్చిన విరాళానికే రాయితీ వర్తించేది. పాత పన్ను విధానాన్ని ఎంచుకున్నవారికే అది లభించేది. రెండు వేల రూపాయలకు మించి నగదుగా ఇచ్చినదానికీ, బియ్యం, బట్టల వంటి వస్తువుల రూపంలో ఇచ్చినదానికీ రాయితీ ఉండేది కాదు. ముఖ్యమంత్రి సహాయనిధికి ఇచ్చిన విరాళం నూటికి నూరు శాతం మినహాయింపు పొందగా, సాధారణ స్వచ్ఛంద సంస్థలకు ఇచ్చినదానికి ఒక పరిమితికి లోబడి యాభై శాతం మాత్రమే లభించేది. ఆమోదం పొందిన సంస్థ సంవత్సరాంతంలో దాతల వివరాలను 10బీడీ అనే నమూనాలో ఆదాయపు పన్ను శాఖకు సమర్పించి, 10బీఈ అనే ధ్రువపత్రాన్ని మే 31 లోపు దాతకు ఇవ్వవలసి ఉండేది. స్నేహితులు కలిసి ఒకరి సొంత ఖాతాలో డబ్బు సేకరించి సహాయం చేసినట్లయితే అది ఎంత పుణ్యకార్యమైనా ఈ ధ్రువపత్రం ఇవ్వలేరు; ఆ మాటను సేకరణ రోజునే చెప్పడం మర్యాద.

అమెరికా, ఇంగ్లండు, గల్ఫ్ దేశాల్లోని తెలుగువారి విషయంలో మరొక చట్టం ఎదురవుతుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం, విదేశీ పౌరసత్వం తీసుకున్నవారి విరాళం, వారు తెలుగువారే అయినా, విదేశీ విరాళం కిందికి వస్తుంది. భారత పౌరసత్వం నిలుపుకుంటూ విదేశంలో పనిచేస్తున్నవారు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపినది ఆ లెక్కలోకి రాదు. 2020 సవరణ తరువాత విదేశీ విరాళాన్ని ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతా ద్వారానే స్వీకరించాలి, స్వీకరించిన సంస్థ దాన్ని మరొక సంస్థకు బదిలీ చేయకూడదు. అంటే నమోదైన పెద్ద సంస్థ విదేశీ విరాళం తీసుకుని, పడవలున్న చిన్న సంఘానికి పంచే మార్గం మూసుకుపోయినట్లే. కాబట్టి కృతజ్ఞతా ప్రకటనలో విదేశాల నుంచి వచ్చిన సొమ్మును దేశంలో వచ్చినదానితో కలపకుండా విడి పద్దుగా చూపడం చట్టరీత్యా కూడా క్షేమం.

శ్రమ ఇచ్చినవారికి

లెక్క ఎంత సమగ్రమైనా ధన్యవాదం చెప్పే మాటలు పొదుపుగా, పనిని పేరు పెట్టి పిలిచేవిగా ఉండాలి. వాలంటీర్లందరికీ కృతజ్ఞతలు అన్న వాక్యంలో ఎవరూ తమను తాము చూసుకోలేరు. తెల్లవారుజామున మూడు గంటలకు పొయ్యి వెలిగించిన వంటవారు, నడుములోతు నీళ్లలో పాల ప్యాకెట్లు నెత్తిన పెట్టుకుని వెళ్లిన యువకులు, ఫోన్ల దగ్గర కూర్చుని ఏ డాబా మీద ఎందరున్నారో రాసుకున్నవారు, బియ్యం తూచి సంచులు కట్టిన గృహిణులు, రాత్రిపూట రసీదులు సరిచూసినవారు, ఇలా పని వారీగా చెప్పిన ధన్యవాదం ఎవరికి చెందాలో వారికి చెందుతుంది. జీతం తీసుకున్నారన్న కారణంతో పారిశుద్ధ్య కార్మికులనూ, విద్యుత్ సిబ్బందినీ, అగ్నిమాపక శకటాలతో ఇళ్లలోని బురద కడిగిన సిబ్బందినీ మరచిపోకూడదు. బుడమేరు వరద తరువాత నగరాన్ని శుభ్రం చేయడానికి ఇతర పట్టణాల నుంచి కూడా కార్మికులు వచ్చారు. ఏ స్వచ్ఛంద సంఘం పనీ వారి పని లేకుండా పూర్తికాలేదు.

కార్యకర్తల పట్ల బాధ్యత పొగడ్తతో ముగియదు. వరదనీటిలో రోజుల తరబడి నడిచినవారికి కాళ్లు పుళ్లు పడటం, ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం రావడం తెలిసిన ప్రమాదాలే. ఆ జ్వరం నీళ్లలో దిగిన కొద్ది రోజులకు గానీ, రెండు మూడు వారాలకు గానీ బయటపడవచ్చు. కాబట్టి ధన్యవాద పత్రంలోనే, జ్వరం, కండరాల నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే వరదనీటిలో పనిచేసిన సంగతి వైద్యుడికి చెప్పమని ఒక వాక్యం రాయడం శాలువా కప్పడం కంటె ఉపకారం. బూట్లు, చేతి తొడుగులు, టెటనస్ ఇంజెక్షన్లకు అయిన ఖర్చును కూడా పట్టికలో నిస్సంకోచంగా చూపవచ్చు. దాత డబ్బుతో కార్యకర్త ఆరోగ్యాన్ని కాపాడటం దుర్వినియోగం కాదు.

మిగులు ఎవరిది

చివరి పద్దు మిగులు. ఊహాత్మక ఉదాహరణలోని 30,000 రూపాయలు సంఘానివి కావు. ఒక నిర్దిష్ట అవసరం పేరు చెప్పి సేకరించిన డబ్బు ఆ అవసరానికే కట్టుబడి ఉంటుంది. దాన్ని ఆలయ ఉత్సవానికో, సంఘం భవనానికో మళ్లించడం దాతను మోసగించడమే, ఆ పని ఎంత మంచిదైనా సరే. మిగులును ముఖ్యమంత్రి సహాయనిధికి జమచేయడం, అదే ప్రాంతంలో పుస్తకాలు పోగొట్టుకున్న విద్యార్థులకు వినియోగించడం, వచ్చే వరదకు అత్యవసర నిధిగా బ్యాంకులో ఉంచడం అనే మూడు మార్గాలను దాతల ముందు పెట్టి, వారి అభిప్రాయం అడిగి, గడువు పెట్టి, తీసుకున్న నిర్ణయాన్ని మళ్లీ ప్రకటించాలి. ప్రభుత్వం అదే వరదలో మునిగిన కింది అంతస్తు ఇంటికి 25,000, పై అంతస్తుల్లోని ఇంటికి 10,000 రూపాయల చొప్పున సహాయం ప్రకటించింది. ఏ ఇళ్లకు ఆ సహాయం అందలేదో, ఎవరి పేర్లు గణనలో చేరలేదో వీధి జాబితా ఉన్న సంఘానికి తెలుస్తుంది కనుక, మిగులును అటువంటి ఇళ్లకు చేర్చడం ఔచిత్యం ఉన్న మరొక మార్గం.

వరద సహాయానికి విరాళం ఇచ్చిన ప్రతి పాఠకుడూ తాను ఇచ్చిన సంఘాన్ని నాలుగు అంకెలు అడగాలి: ఎంత వచ్చింది, ఎంత పంచారు, ఎంత పాడైంది, ఎంత మిగిలింది. అడగడం అవమానించడం కాదు. చిత్తశుద్ధితో పనిచేసిన సంఘానికి ఆ ప్రశ్న సంతోషాన్నే ఇస్తుంది. విరాళాలు సేకరించిన ప్రతి సంఘమూ, ఎవరూ అడగకముందే, నీళ్లు తీసిన నెల రోజుల్లోగా ఈ నాలుగు అంకెలకు జవాబు రాసి, దాని కిందనే తన ధన్యవాదాన్ని రాయాలి.